శంకుస్థాపనకూ ఉద్యోగ ప్రకటనకూ మధ్య

2021 జూలైలో కేరళకు చెందిన కైటెక్స్ సంస్థ తెలంగాణలో వెయ్యి కోట్ల రూపాయల పెట్టుబడి పెడుతుందనీ, నాలుగు వేల మందికి ఉపాధి దొరుకుతుందనీ వార్తలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒప్పందం కుదిరే నాటికి పెట్టుబడి 2,400 కోట్లకు, ప్రత్యక్ష ఉద్యోగాలు 22 వేలకు పెరిగాయి. ఆ పెట్టుబడిలో వరంగల్ వాటాకు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో 2022 మేలో శంకుస్థాపన జరిగింది. ఈ మూడు తేదీల్లో ఏ ఒక్క దానికీ కుట్టుమిషన్ మీద కూర్చునే ఉద్యోగం ఒక్కటి కూడా ఖాళీగా లేదు. మిషన్ లేదు, షెడ్డు లేదు. అయినా గీసుగొండ, సంగెం మండలాల్లో ఇలాంటి వార్త చూసిన వారం రోజుల్లోనే దరఖాస్తులు పంపి, జవాబు రాక, ఇక ఆ సంస్థను పూర్తిగా మరిచిపోయేవారు చాలామంది ఉంటారు. తీరా నియామకాలు మొదలయ్యే సమయానికి వారి దృష్టి మరెక్కడో ఉంటుంది.

విస్తరణ వార్తల ఆధారంగా నియామకాలను ముందే అంచనా వేయడం సాధ్యమే. అయితే ఆ అంచనాకు పెట్టుబడి వార్త ఆరంభం మాత్రమే. ఏ సంస్థ నియమించుకుంటుందన్నది వార్త చెబుతుంది. ఎప్పుడు, ఎవరిని అన్నది మాత్రం ఆ తర్వాత సంస్థ వెనక్కి తీసుకోలేని ఖర్చు ఎక్కడ పెడుతోందో చూస్తే తెలుస్తుంది. వరంగల్ పరిసరాల్లో ఈ లెక్క అన్నింటికన్నా స్పష్టంగా కనబడేది వస్త్ర పరిశ్రమలోనే కాబట్టి దానినే ప్రధాన ఉదాహరణగా తీసుకోవడం మంచిది.

మొదట, ప్రకటనలోని ఉద్యోగాల సంఖ్య ఏమిటో అర్థం చేసుకోవాలి. అది అన్ని దశలూ పూర్తయి, కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడిచే రోజుకు వేసిన లెక్క. చాలాసార్లు అందులో రవాణా, ప్యాకింగ్, క్యాంటీన్ వంటి పరోక్ష ఉపాధి కూడా కలిసి ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన వస్త్ర, దుస్తుల విధానం వంటి వాటిలో రాయితీలు పెట్టుబడితోనూ ఉపాధితోనూ ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒప్పందం రోజున పెద్ద సంఖ్య చెప్పడానికి సంస్థకూ ప్రభుత్వానికీ ఇద్దరికీ కారణం ఉంటుంది. అది అబద్ధమని కాదు. ఎనిమిదేళ్ల తర్వాతి సంఖ్యను ఎనిమిది నెలల తర్వాతి సంఖ్యగా చదవడమే పొరపాటు. ఉద్యోగం వెతుక్కునేవారికి కావలసినది మొదటి దశలో ఎన్ని మిషన్లు వస్తాయన్న సంగతి.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఏ కర్మాగారంలోనైనా నియామకాలన్నీ ఒకే తేదీని బట్టి కదులుతాయి. అది వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యే తేదీ. రుణ వాయిదాలు, కొనుగోలుదారులకు ఇచ్చిన మాట, రాయితీల అర్హత అన్నీ ఆ తేదీ చుట్టూనే తిరుగుతాయి. కనుక అంచనా వేసేవారు శంకుస్థాపన తేదీ నుంచి ముందుకు లెక్కపెట్టకూడదు, ఉత్పత్తి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడడానికి ఊహకు ఒక యూనిట్‌ను తీసుకుందాం. గీసుగొండ పార్కులో పది లైన్లతో ఒక దుస్తుల కర్మాగారం వస్తోందనీ, అక్టోబర్ మొదటి వారంలో ఉత్పత్తి మొదలు పెట్టాలనుకుంటున్నదనీ అనుకుందాం. ఒక్కో లైన్‌కు నలభై మిషన్ల చొప్పున నాలుగు వందల మంది ఆపరేటర్లు కావాలి. కటింగ్, ఇస్త్రీ, తనిఖీ, ప్యాకింగ్, సహాయకులు, కార్యాలయ సిబ్బంది కలిస్తే మొత్తం ఆరు వందలకు పైగా అవుతారు. ఈ ఆరు వందల మందిని ఒకేసారి తీసుకోరు. కర్మాగార అధిపతిని, పని కొలతలు వేసే ఇండస్ట్రియల్ ఇంజినీర్‌ను దాదాపు ఏడాది ముందే తీసుకుంటారు. వీరు ఎక్కువగా తిరుప్పూర్ నుంచో బెంగళూరు నుంచో పాత పరిచయాల మీదే వస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మానవ వనరుల అధికారి, స్టోర్స్, అకౌంట్స్ సిబ్బంది చేరతారు. జూన్‌లో మిషన్ల కంటైనర్లు దిగుతుంటే వాటిని విప్పి బిగించడానికి మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, ఆవిరి ఇస్త్రీకి బాయిలర్ ఉంటే ధ్రువపత్రం ఉన్న బాయిలర్ అటెండెంట్ అవసరమవుతారు. జూలైలో లైన్ సూపర్‌వైజర్లు, నాణ్యత తనిఖీదారులు వస్తారు. ఆగస్టులో ఆపరేటర్ల శిక్షణ మొదలవుతుంది. పని బొత్తిగా తెలియనివారికి నేరుగా కుట్టడం, మూలలు తిప్పడం, ఒకే వేగాన్ని నిలబెట్టుకోవడం నేర్పడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

"టైలర్లు కావలెను" అన్న పోస్టర్ నర్సంపేట, పర్కాల బస్టాండ్లలో కనబడేది ఈ చివరి దశలోనే. అంటే బయటికి తెలిసేలా వెలువడే ప్రకటన మొత్తం నియామకాలలో చివరిది, సంఖ్యలో పెద్దది, జీతంలో చిన్నది. దానికి ముందు నాలుగైదు నెలల్లో భర్తీ అయ్యే అరవై, డెబ్బై ఉద్యోగాలకు చాలావరకు ప్రకటనే ఉండదు. వరంగల్‌లో ఐటీఐ, డిప్లొమా, బీకాం చదివినవారికి సరిపోయేవి ఆ ఉద్యోగాలే. కాబట్టి ఎలక్ట్రీషియన్‌గా చేరదలచినవారు ఈ యూనిట్‌ను ఆగస్టులో సంప్రదిస్తే ఆలస్యమైనట్టే. జనవరిలో సంప్రదిస్తే ఆ దరఖాస్తును చూసే మనిషి ఇంకా ఉద్యోగంలో చేరి ఉండరు. మే నెలే సరైన సమయం.

ఇక ఉత్పత్తి అక్టోబర్‌లో మొదలవుతుందని నమ్మడానికి ఆధారం ఏమిటన్నది అసలు ప్రశ్న. సంస్థ అధికారి సభలో చెప్పిన తేదీ బలహీనమైన ఆధారం. సంస్థ లేదా దాని మాతృసంస్థ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై ఉంటే కొంత గట్టి ఆధారం దొరుకుతుంది. కొత్త కర్మాగారం, సామర్థ్యం పెంపు వంటి ముఖ్య విషయాలను అలాంటి సంస్థలు సెబీ నిబంధనల ప్రకారం ఎక్స్ఛేంజికి తెలియజేస్తాయి. ప్రతి త్రైమాసిక ఫలితాల తర్వాత మదుపరులతో జరిపే సంభాషణల పాఠాన్ని కూడా బహిరంగంగా ఉంచుతాయి. ఆ పాఠాలను ఒకటి కాదు, వరుసగా నాలుగు చదవాలి. ఉత్పత్తి తేదీ నాలుగింటిలోనూ ఒకటేగా ఉంటే దానిని నమ్మవచ్చు. ప్రతిసారీ మూడు నెలలు ముందుకు జరుగుతూ ఉంటే, తదుపరిసారి కూడా జరుగుతుందని అనుకోవడమే వివేకం.

వార్షిక నివేదికలో ఇంకొక పట్టిక ఉంటుంది. దానిని మదుపరులు చూస్తారు గానీ ఉద్యోగార్థులు దాదాపు ఎవరూ చూడరు. నిర్మాణంలో ఉన్న ఆస్తుల విలువను, అంటే ఇంకా వాడకంలోకి రాని భవనాలు, యంత్రాల మీద అప్పటిదాకా పెట్టిన ఖర్చును, ఆస్తి అప్పుల పట్టీలో విడిగా చూపుతారు. 2021లో వచ్చిన మార్పు తర్వాత ఆ ఖర్చు ఎంత పాతదో కూడా చెప్పాలి. ఏడాది లోపుది ఎంత, ఒకటి నుంచి రెండేళ్లది ఎంత, రెండు నుంచి మూడేళ్లది ఎంత, మూడేళ్లు దాటినది ఎంత అని నాలుగు గడులు ఉంటాయి. గడువు దాటిన ప్రాజెక్టు ఉంటే అది ఎప్పటికి పూర్తవుతుందో కూడా రాయాలి. మొత్తం పెద్దదిగా ఉండి, అందులో ఎక్కువ భాగం ఏడాది లోపు గడిలో ఉంటే నిర్మాణం ఇప్పుడు చురుగ్గా సాగుతోందని అర్థం. ఏడాది లోపు గడి దాదాపు ఖాళీగా ఉండి పాత గడులు నిండి ఉంటే గోడలు లేచి పని ఆగిందని అర్థం. అలాంటి చోట దరఖాస్తు పెట్టి ఎదురుచూడడం కాలాన్ని పోగొట్టుకోవడమే. ఈ మొత్తం బాగా తగ్గి, అదే సమయంలో వాడకంలో ఉన్న ఆస్తులు అంతే పెరిగితే యంత్రాలు నడుస్తున్నాయని, తొలి విడత నియామకాలు జరిగిపోయాయని గ్రహించాలి.

ఎక్స్ఛేంజిలో నమోదు కాని సంస్థ అయితే కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసే పత్రాలు సాయపడతాయి. బ్యాంకు రుణం తీసుకుని ఆస్తిని తాకట్టు పెట్టినప్పుడు CHG-1 అనే పత్రం దాఖలు చేస్తారు. ఏ బ్యాంకు, ఎంత మొత్తం, ఏ ఆస్తి మీద అన్నది అందులో ఉంటుంది. గీసుగొండలోని స్థలం మీద, అక్కడ పెట్టబోయే యంత్రాల మీద రుణం నమోదైందంటే బ్యాంకు ఆ ప్రాజెక్టును పరిశీలించి డబ్బు ఇవ్వడానికి సిద్ధమైందని తెలుస్తుంది. వడ్డీ మొదలైన తర్వాత ఏ యజమానీ తీరికగా కూర్చోలేరు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వార్తలో కనబడే పేరు మీద కాకుండా, ఆ ప్రాజెక్టు కోసమే పెట్టిన అనుబంధ సంస్థ పేరు మీద ఈ పత్రాలు ఉండవచ్చు. పెద్ద పేరుతో వెతికి ఏమీ దొరకలేదని వదిలేయడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు.

కాగితాల తర్వాత స్థలం. వరంగల్‌వాసులకు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చుని చదివేవారికి లేని సౌకర్యం ఇదే. బస్సెక్కి వెళ్లి చూడవచ్చు. రోడ్డు మీద నిలబడి చూసేవారికి ప్రహరీ గోడ, పేరు పలక మొదట కనబడతాయి, కానీ వాటికి విలువ తక్కువ. చూడవలసినది విద్యుత్ సరఫరా. పెద్ద యూనిట్‌కు హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి హైటెన్షన్ కనెక్షన్ కావాలి. ఈ కనెక్షన్‌లో ఒక కిటుకు ఉంది. ఒప్పుకున్న సామర్థ్యంలో 80 శాతానికి, కరెంటు వాడినా వాడకపోయినా, నెలనెలా డిమాండ్ చార్జీ కట్టాలి. అందుకే ఏ సంస్థా అవసరం దగ్గర పడకముందే పూర్తి సామర్థ్యానికి కనెక్షన్ తీసుకోదు. యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ దింపి, కంచె వేసి, కంకర పరిచి, మీటరు గది కట్టి, ఆవరణ దాకా తీగలు లాగారంటే యంత్రాలు బిగించే పని నెలల్లోనే ఉందన్నమాట. దిమ్మె ఒక్కటే కట్టి దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే, షెడ్డు ఎంత మెరిసిపోతున్నా ఇంకా సమయం ఉందని అనుకోవాలి.

రంగు అద్దకం, వాషింగ్ ఉండే యూనిట్లకు మరొక ఆనవాలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు. కట్టడానికి ముందు ఒకటి, నడపడానికి ముందు ఒకటి తీసుకోవాలి. నడిపే అనుమతికి దరఖాస్తు పెట్టేనాటికి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం సిద్ధంగా ఉండాలి, దానిని నడిపే మనుషులూ ఉండాలి. రసాయన శాస్త్రం చదివినవారికి, శుద్ధి కేంద్రాల్లో పని తెలిసినవారికి ఆ కర్మాగారంలో పిలుపు కుట్టేవారికన్నా ముందే వస్తుంది. బట్ట కత్తిరించి కుట్టడం మాత్రమే చేసే యూనిట్లలో ఈ ఆనవాలుకు అంత బరువు ఉండదు.

చివరి ఆనవాలు బస్సులు. దుస్తుల కర్మాగారాల్లో ఆపరేటర్లుగా ఎక్కువగా మహిళలే చేరతారు. వారు రోజూ ఇంటికి చేరే ఏర్పాటు లేకపోతే లైన్లు నిండవు. ఏ ఊళ్లో ఎంతమంది వస్తారు, బస్సు ఎక్కడ ఆగాలి, మొదటి షిఫ్టుకు ఎన్ని గంటలకు బయలుదేరాలి అని ఎవరైనా మహిళా సంఘాల సమావేశాల్లో అడుగుతూ ఊరూరా తిరుగుతున్నారంటే ఆపరేటర్ల ఎంపిక నెల రోజుల దూరంలో ఉంది. ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. సంగెంలో ఉన్న అక్కకో వదినకో ఫోన్ చేస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతి అన్ని సంస్థలకూ ఒకేలా పనికిరాదని కూడా గుర్తుంచుకోవాలి. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జూలై 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అక్కడ నిర్మాణం ఎంత దూరం వచ్చిందో కళ్లతో చూడవచ్చు, కానీ రైల్వే శాశ్వత ఉద్యోగాలు దేశవ్యాప్త నోటిఫికేషన్ల ద్వారా, రాత పరీక్షల ద్వారా వస్తాయి. గేటు దగ్గర ముందుగా కనిపెట్టినందువల్ల అందులో ఏ మేలూ లేదు. అక్కడ ముందస్తు అంచనా పనికివచ్చేది నిర్మాణ గుత్తేదారులు, యంత్రాలు బిగించే సంస్థలు తీసుకునే ఉద్యోగాల విషయంలో మాత్రమే. అంటే వార్తలో ఉన్న పేరు ఒకటి, ముందుగా జీతం ఇచ్చే పేరు మరొకటి.

ఐటీ కార్యాలయాల లెక్క ఇంకొకటి. మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు 2020 జనవరి 7న ప్రారంభమయ్యాయి. మూడు నెలలు తిరగకముందే లాక్‌డౌన్ వచ్చి దేశమంతటా ఐటీ పని ఇళ్లకు మారిపోయింది. ఎంత జాగ్రత్తగా వేసిన అంచనానైనా ఇలాంటి విపత్తు తలకిందులు చేస్తుంది. దానికి ముందస్తు మందు లేదు. విపత్తుతో సంబంధం లేకుండా గమనించవలసిన విషయం వేరే ఉంది. చిన్న నగరంలో కొత్త కార్యాలయం తెరిచినప్పుడు మొదటి కుర్చీల్లో చాలావరకు హైదరాబాద్ నుంచి బదిలీ మీద సొంత ఊరికి వచ్చే అనుభవజ్ఞులు కూర్చుంటారు. కర్మాగారంలో ప్రారంభోత్సవానికి ముందే నియామకాలు జరిగితే, ఇక్కడ స్థానికుల నియామకాలు ప్రారంభోత్సవం తర్వాత, ఆ కార్యాలయానికి సొంతంగా ఒక ప్రాజెక్టు కేటాయించాక మొదలవుతాయి. స్థానిక ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ ఎంపికకు ఆ సంస్థ వచ్చిందా, వచ్చినప్పుడు పని చేసే చోటు వరంగల్ అని రాసి ఇచ్చిందా అన్నది రిబ్బన్ కత్తిరింపు కన్నా గట్టి ఆధారం.

అంకుర సంస్థలకు నిధులు వచ్చిన వార్తలను చదివేటప్పుడు చిన్న కూడికలు, తీసివేతలు చాలు. ఒక సంస్థకు 20 కోట్లు వచ్చాయని, అవి పద్దెనిమిది నెలలకు సరిపోవాలని అనుకుందాం. నెలకు కోటీ పదకొండు లక్షలు. ఆ సంస్థ ఇప్పటికే నెలకు అరవై లక్షల నష్టంతో నడుస్తుంటే కొత్త ఖర్చుకు మిగిలేది యాభై ఒక్క లక్షలు. అందులో సగం ప్రచారానికి, ఇతర ఖర్చులకు పోతే జీతాలకు పాతిక లక్షలు. ఒక్కొక్కరి మీద సగటున ఎనభై వేలు ఖర్చయితే ముప్పై ఒక్క మంది. 20 కోట్ల వార్త చదివి వందల ఉద్యోగాలు ఊహించుకునేవారికి ఈ ముప్పై ఒకటి అన్న సంఖ్య చాలా అవసరం. ఆ 20 కోట్లూ ఒకేసారి చేతికి రాకపోవచ్చు కూడా. కొత్త వాటాలు ఎన్ని, ఎంతకు కేటాయించారో చెప్పే PAS-3 పత్రాన్ని, ప్రైవేటు కేటాయింపు అయితే, పదిహేను రోజుల్లో దాఖలు చేయాలి. దానిలోని మొత్తం వార్తలోని మొత్తం కన్నా బాగా తక్కువగా ఉంటే మిగతాది విడతలవారీగా వస్తుందన్నమాట. లేదా పాత మదుపరులు తమ వాటాలను కొత్తవారికి అమ్ముకున్నారన్నమాట. వాటాలు అమ్మిన డబ్బు సంస్థ ఖాతాలోకి రాదు, దానితో ఒక్క ఉద్యోగమూ పుట్టదు.

ఈ వార్తల నీడన పెరిగే మోసం గురించి కూడా చెప్పక తప్పదు. పార్కులో ఫలానా కంపెనీ వస్తోందనీ, లోపల మనిషి ఉన్నాడనీ, ముందుగా కొంత కడితే పేరు రాయిస్తామనీ చెప్పే దళారులు వార్త వచ్చిన వెంటనే బయలుదేరుతారు. వారు నమ్మకం కలిగించేది నిజమైన వార్తను చూపించే. ఉత్పత్తి తేదీ నుంచి వెనక్కి లెక్క తెలిసినవారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా దిగని చోట రెండు వందల మంది ఆపరేటర్ల జాబితా ఇప్పుడే ఎందుకు తయారవుతోందని అడిగితే దళారి దగ్గర జవాబు ఉండదు. ఆరు వందల మందిని వెతికి తెచ్చుకోవలసిన సంస్థ వచ్చేవారి దగ్గర డబ్బు అడగదు.

అంచనాలను మనసులో ఉంచుకుంటే సరిపోదు, ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. సంస్థకు ఒక పేజీ కేటాయించి, సంస్థ చెప్పిన ఉత్పత్తి తేదీ, ఆ మాట ఎప్పుడు చెప్పారు, చివరిగా చూసిన ఆనవాలు, తనకు సరిపోయే ఉద్యోగం ఉత్పత్తికి ఎన్ని నెలల ముందు భర్తీ అవుతుంది, దాని ప్రకారం ఏ నెలలో సంప్రదించాలి అన్నవి అందులో ఉండాలి. పైన చెప్పిన ఊహా యూనిట్‌కు ఒక ఎలక్ట్రీషియన్ పేజీ ఇలా ఉంటుంది. ఉత్పత్తి అక్టోబర్ అని ఫిబ్రవరిలో చెప్పారు. మార్చిలో వెళ్లి చూస్తే దిమ్మె ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఏప్రిల్ చివర మళ్లీ చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దిగింది. కనుక మే మొదటి వారంలో, సైటు కార్యాలయంలో కొత్తగా చేరిన మానవ వనరుల అధికారికి, తాను ఏ సామర్థ్యం గల ప్యానెళ్ల మీద ఎన్నేళ్లు పనిచేశారో రెండు వాక్యాల్లో రాసి దరఖాస్తు ఇవ్వాలి. ఏప్రిల్‌లో కూడా దిమ్మె ఖాళీగానే ఉంటే దరఖాస్తు ఇవ్వకుండా, ఉత్పత్తి తేదీని జనవరికి జరిపి, తాను వెళ్లవలసిన నెలను మే నుంచి ఆగస్టుకు మార్చుకోవాలి. ఆగస్టులోనూ అదే పరిస్థితి అయితే ఆ పేజీని పక్కన పెట్టి, పార్కులో తీగలు లాగిన మరో గేటు వైపు చూడాలి.